ఎలీసా: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఎలీసా అంటే శాంపిల్‌లో ఒక ప్రొటీనో యాంటీబాడీనో ఉందా, ఎంత ఉందో రంగుతో చెప్పే ల్యాబ్ పరీక్ష. దాన్ని వెల్స్ అనే చిన్న గుంటలున్న ప్లేటులో చేస్తాం. ఆ ప్లేటు చూడగానే అందరి కళ్లూ రంగు మీదకే వెళ్తాయి. ఇన్నేళ్లు వాడాక నేను మాత్రం ముందు కంట్రోల్ వెల్స్, అంటే ఏ ఫలితం రావాలో ముందే తెలిసిన వెల్స్ చూస్తాను. అవి సరిగ్గా లేకపోతే మిగతా ప్లేటు చదవను.

దీని సూత్రం తేలికే. వెల్ అడుగున యాంటిజెన్‌నో, దాన్ని గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీనో అంటిస్తాం. ఖాళీగా మిగిలిన చోటును బీఎస్ఏ లాంటి ప్రొటీన్‌తో కప్పేస్తాం, దీన్నే బ్లాకింగ్ అంటాం. ఆ తర్వాత ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ తన జతను పట్టుకుంటుంది. పట్టు దొరకనిదంతా వాష్‌లో పోతుంది. ఎంజైమ్ హెచ్‌ఆర్‌పీ అయితే, అది రంగుగా మార్చే టీఎంబీ అనే పదార్థం పోయగానే నీలం రంగు వస్తుంది. ఆమ్లంతో ఆపితే పసుపుగా మారుతుంది, దాన్ని 450 నానోమీటర్ల దగ్గర చదువుతాం. ఎంజైమ్‌కు తాను ఎక్కడ అంటుకుందో తెలియదు. సరైన చోట పట్టుకున్నా, ప్లాస్టిక్‌కు అంటుకున్నా ఒకే రంగు ఇస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

డైరెక్ట్ పద్ధతిలో ఎంజైమ్ ఉన్న యాంటీబాడీ ఒక్కటే నేరుగా యాంటిజెన్‌ను పట్టుకుంటుంది. త్వరగా అయిపోతుంది కానీ సిగ్నల్ బలహీనం. కొత్త యాంటీబాడీ పనిచేస్తోందా లేదా అని చూడడానికి తప్ప నేను దీన్ని పెద్దగా వాడను.

రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవమైన సీరంలో యాంటీబాడీలు వెతకాలంటే ఇండైరెక్ట్ పద్ధతి. యాంటిజెన్ కోటింగ్ మీద సీరం పోసి, ఆపైన సీరంలోని యాంటీబాడీని, అంటే ప్రైమరీని, పట్టుకునే ఎంజైమ్ ఉన్న సెకండరీ యాంటీబాడీ వేస్తాం. ఒక్కో ప్రైమరీ మీద సెకండరీలు ఒకటికి మించి కూర్చుంటాయి కాబట్టి సిగ్నల్ పెరుగుతుంది. దాంతోపాటు బ్యాక్‌గ్రౌండ్ కూడా పెరుగుతుంది. కొన్ని సీరమ్‌లకు జిగురు ఎక్కువ, యాంటిజెన్ ఉన్నా లేకపోయినా వెల్‌ను వదలవు. అందుకే ప్రతి సీరాన్నీ కోటింగ్ లేని, బ్లాకింగ్ మాత్రమే చేసిన వెల్‌లో కూడా పోస్తాను. ఒక సీరం రంగు రీడింగ్ కోటింగ్ ఉన్న వెల్‌లో 0.85, లేని వెల్‌లో 0.70 వచ్చిందనుకోండి. మరొకదానికి 0.80, 0.09 వచ్చాయి. కోటింగ్ ఉన్న వెల్స్ మాత్రమే చూస్తే మొదటిదే కాస్త బలమైన పాజిటివ్. రెండూ చూస్తే నమ్మదగినది రెండోదే. మొదటిదాన్ని ఇంకా పలచన చేసి మళ్లీ నడపాలి. సీరం లేకుండా సెకండరీ మాత్రమే వేసిన వెల్‌లోనూ రంగు వస్తే తప్పు సీరానిది కాదు, బ్లాకింగ్‌దో వాష్‌దో అవుతుంది.

పాజిటివ్ కంట్రోల్‌కే రంగు రాకపోతే ఆ ప్లేటులో నెగటివ్ అనే మాటకు విలువ లేదు. అలా జరిగినప్పుడు బఫర్‌లో సోడియం అజైడ్ ఉందేమో మొదట చూడండి. బూజు పట్టకుండా వేసే ఆ అజైడే హెచ్‌ఆర్‌పీని ఆపేస్తుంది.

నేను ఎక్కువగా నమ్మేది శాండ్‌విచ్. ప్రొటీన్‌ను కింద ఒక యాంటీబాడీ, పైన మరొకటి వేర్వేరు చోట్ల పట్టుకోవాలి. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినట్టు. రెండు యాంటీబాడీలకు చోటు లేని చిన్న అణువులకు ఇది పనికిరాదు. వాటికి కాంపిటిటివ్ పద్ధతి వాడతారు, అందులో రంగు తగ్గితే పదార్థం ఎక్కువని అర్థం.

శాండ్‌విచ్‌లో ఎంత ప్రొటీన్ ఉందో తెలిసిన స్టాండర్డ్స్‌తో గీసే స్టాండర్డ్ కర్వ్ అందంగా వచ్చిందంటే స్టాండర్డ్స్ బాగున్నాయని మాత్రమే అర్థం, శాంపిల్ గురించి అది ఏమీ చెప్పదు. ఉదాహరణకు 500 పికోగ్రాముల వరకు కర్వ్ ఉన్న ప్లేటులో ఒక సీరాన్ని రెండు రెట్లు పలచన చేస్తే మిల్లీలీటరుకు 180 పికోగ్రాములు చూపింది. అంటే అసలు సీరంలో 360. నాలుగు రెట్లకు 150, అంటే 600. ఎనిమిది రెట్లకు 82, అంటే 656. పదహారు రెట్లకు 41, మళ్లీ 656. మొదటి అంకె కర్వ్ మధ్యలోనే ఉంది, ఒకే శాంపిల్ పోసిన రెండు వెల్స్, అంటే డూప్లికేట్లు కూడా కలిశాయి. అయినా అది తప్పు.

ఎందుకో తేల్చడానికి పలచన చేసిన శాంపిల్‌కు తెలిసిన స్టాండర్డ్ 100 కలిపి చూడాలి. రెండు రెట్ల దగ్గర 280 రావాల్సింది 235 వచ్చింది, అంటే కలిపిన 100లో 55 మాత్రమే తిరిగి కనిపించింది. ఎనిమిది రెట్ల దగ్గర 182కి 178 వచ్చింది. సీరంలోని ఇతర పదార్థాలు యాంటీబాడీకి అడ్డుపడుతున్నాయి, పలచన చేస్తే ఆ అడ్డు తొలగుతోంది. కాబట్టి రాయాల్సిన ఫలితం 656.

పలచన చేసేకొద్దీ లెక్క నిలవకుండా ఎన్నో రెట్లు పెరుగుతూ పోతే హుక్ ఎఫెక్ట్‌ను అనుమానిస్తాను. ప్రొటీన్ మరీ ఎక్కువై రెండు యాంటీబాడీలనూ విడివిడిగా నింపేస్తుంది, వాటి మధ్య వంతెన కుదరదు. శాంపిల్‌నూ పైన పట్టుకునే డిటెక్షన్ యాంటీబాడీనీ ఒకేసారి పోసే కిట్లలో ఇది ఎక్కువ. మధ్యలో వాష్ ఉన్న రెండు దశల కిట్ దొరికితే నేను అదే తీసుకుంటాను, ఇంకో గంట పట్టినా సరే.