వాచీ ముఖం మీద నడిమి గడి: చాలా కాలం వాడిన తర్వాత

హన్మకొండలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పే నాకు ఈ వాచీ మీద మమకారం కలగడానికి కారణం దాని తెర కాదు, అడుగుల లెక్క అంతకంటే కాదు. చేతిలో సుద్దముక్కతో వరండాలో నడుస్తున్నప్పుడు ఒక్కసారి చెయ్యి తిప్పితే, నా తర్వాతి తరగతి ఏ గదిలోనో, ఎన్ని గంటలకో ముఖం నడుమనున్న పొడవాటి గడిలో కనబడటమే ఆ కారణం. ఇది స్మార్ట్‌వాచీల కోసం గూగుల్ తయారుచేసిన వేర్ ఓఎస్ మీద నడిచే వాచీ. సమయంతో పాటు ముఖం మీద కనిపించే ఇలాంటి చిన్న గడులను కాంప్లికేషన్లు అంటారని వాడేవారందరికీ తెలిసిందే.

మార్చడం సులభమే. ముఖం మీద వేలు నొక్కి పట్టి, సవరణ గుర్తును తాకి, పక్కకు జరుపుతూ పోతే గడులు విడివిడిగా కనిపిస్తాయి. కావలసిన గడిని తాకితే అందులో పెట్టగల అంశాల జాబితా వస్తుంది. అయితే ఒక గడికి వచ్చే జాబితా మరో గడికి రాకపోవచ్చు, ఎందుకంటే ఏ గడి ఎలాంటి సమాచారాన్ని చూపగలదో ముఖాన్ని తయారుచేసినవారే ముందుగా నిర్ణయిస్తారు. మూలల్లోని గుండ్రటి గడులు పొట్టి పాఠానికి ఉద్దేశించినవి. అందులో 7 అక్షరాలకు మించకూడదని యాప్ తయారీదారులకు సూచన కూడా ఉంది. గుణింతపు గుర్తులూ ఒత్తులూ కంప్యూటర్ లెక్కలో విడివిడి అక్షరాలే కాబట్టి తెలుగు పేర్లకు ఈ కొలత మరీ ఇరుకు. క్యాలెండర్‌లో నేను "బీకాం మూడో సంవత్సరం, గది 12" అని రాసుకుంటే మూల గడిలో "బీకాం" దగ్గరే ఆగిపోయేది, అసలు కావలసిన గది సంఖ్య కనబడేది కాదు. అంశాన్ని నడిమి గడికి మార్చి, పేరును "12 బీకాం-3" అని తిరగరాసిన తర్వాతే ఆ గడి నాకు అక్కరకొచ్చింది. గడి ఎంత పెద్దదైనా, చివర రాసిన మాటే ముందుగా తెగిపోతుంది.

కొన్న కొత్తలో గడులన్నీ నింపి, వాతావరణం కూడా మణికట్టు మీదే ఉందని స్టాఫ్ రూంలో గొప్పగా చెప్పేవాణ్ణి. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. ఒక జూలై సాయంత్రం వాన పడే అవకాశం 10 శాతమని చూపుతున్న గడిని నమ్మి, రెయిన్‌కోటు లేకుండా స్కూటర్ మీద కాజీపేటకు బయలుదేరాను. సుబేదారి దాటేలోపే నిలువునా తడిసి, ఒక దుకాణం పంచన నిలబడి ఆ గడిని వేలితో తాకితే యాప్ తెరుచుకుంది, ఒక క్షణం తిరిగింది, సంఖ్య 80కి మారింది; వెనక్కి వస్తే ముఖం మీద కూడా 80 వచ్చి కూర్చుంది. అంటే అప్పటిదాకా నేను చూసింది పొద్దుటి అంచనా.

దీనికి కారణం వాచీ పాడవడం కాదు. ముఖం తానుగా వాతావరణాన్ని కనుక్కోదు. యాప్ చివరిసారి ఇచ్చిన అంకెనే, అది ఎప్పటిదో చెప్పకుండా చూపుతూ ఉంటుంది. ఈ ఏర్పాటులో గడులు తమంతట తాము తాజా కావడానికి పెట్టగల కనీస వ్యవధి 5 నిమిషాలు. బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని చాలా యాప్‌లు అంతకంటే చాలా ఎక్కువ వ్యవధి పెడతాయి. పైగా నా ఫోన్‌లోని బ్యాటరీ పొదుపు ఆ యాప్‌ను వెనుక నడవనివ్వలేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో దానికి బ్యాటరీ ఆంక్ష తీసేసి, లొకేషన్‌ను ఎల్లవేళలా అనుమతించాక పరిస్థితి మెరుగైంది కానీ, ఫోన్‌ను స్టాఫ్ రూంలో వదిలి దూరపు బ్లాకుకు వెళ్ళినప్పుడు అంకె మళ్ళీ పాతబడుతూనే ఉంది. తాకినప్పుడు అంకె మారితే అది పాతదని గుర్తు. అంతకుమించి తెలుసుకునే మార్గం ముఖం మీద లేదు.

అందుకే ఇప్పుడు నా లెక్క వేరు. తేదీ, వాచీ బ్యాటరీ, అడుగులు వాచీలోనే పుడతాయి కాబట్టి వాటిని చూసి నమ్మవచ్చు. క్యాలెండర్ ముందే వాచీలోకి చేరి ఉంటుంది కనుక ఫోన్ దూరంగా ఉన్నా తరగతి కనిపిస్తుంది, అయితే ఆఫీసువారు అప్పటికప్పుడు గది మార్చితే మాత్రం కనబడదు. వాతావరణాన్ని కింది మూలకు పంపాను; అది ఇప్పుడు చదవడానికి కాదు, తాకడానికి. మిగిలిన రెండు గడులను ఖాళీగా వదిలేశాను, నడిమి అక్షరాలు కళ్ళద్దాలు లేకుండానే అందుతున్నాయి.

రోజంతా గదులు మారుతూ, వేళలను ముందే క్యాలెండర్‌లో రాసుకునే అలవాటు ఉన్నవారికి పొడవాటి నడిమి గడి ఉన్న ముఖాన్ని వెతికి పెట్టుకోమంటాను. వాన కోసమో, ఎండ కోసమో కొనాలనుకుంటే, ఫోన్ ఎప్పుడూ జేబులోనే ఉండేవారికి నా అంత ఇబ్బంది రాకపోవచ్చు. నేనైతే జూలైలో బయలుదేరే ముందు ఆ గడిని తాకే చూస్తున్నాను.