డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్, వర్చువల్ అసిస్టెంట్: మొదట ఏది పట్టుకోవాలి?

డిగ్రీ ఉంది, ఇంగ్లీషు బాగా వచ్చు, ల్యాప్‌టాప్ ఉంది. విదేశీ క్లయింట్ల పని చేయాలనుకునేవాళ్లలో చాలామంది తేలిక కదా అని మొదట డేటా ఎంట్రీ వెతుకుతారు. నా లెక్కలో అది మూడో స్థానం. ఎందుకో ఒక పని ధర కట్టి చూస్తే తెలుస్తుంది.

1,500 దుకాణాల వెబ్‌సైట్, ఈమెయిల్, ఫోన్ నంబరు వెతికి గూగుల్ షీట్‌లో నింపాలి, మొత్తం పనికి 60 డాలర్లు అని ప్రకటన వచ్చిందనుకోండి. వినడానికి బాగానే ఉంటుంది. ఒప్పుకునే ముందు టైమర్ పెట్టుకుని 20 వరుసలు నింపి చూడండి. 40 నిమిషాలు పట్టిందంటే వరుసకు రెండు నిమిషాలు. 1,500 వరుసలకు 50 గంటలు. అంటే గంటకు 1.20 డాలర్లు. ఫ్రీలాన్స్ సైట్ పది శాతం కమీషన్ తీసుకుంటే మిగిలేది 1.08. ఆ తర్వాత డూప్లికేట్లు ఉన్నాయనో, ఈమెయిళ్లు బౌన్స్ అవుతున్నాయనో వెనక్కి పంపితే సరిదిద్దే గంటలకు పైసా రాదు. పైగా ఈ పనిలో మీ ఇంగ్లీషుకు విలువే లేదు, టైప్ చేయగల ప్రతి ఒక్కరూ మీకు పోటీయే.

మోసాలు ఎక్కువగా తగిలేదీ ఇక్కడే. రిజిస్ట్రేషన్ ఫీజో డిపాజిట్టో అడిగితే అది ఉద్యోగం కాదు. ఇంకో రకం ఏమిటంటే, ముందు ఒప్పందంపై సంతకం పెట్టించుకుని, పని అయ్యాక ‘మీ యాక్యురసీ తగ్గింది, జరిమానా కట్టండి’ అని లీగల్ నోటీసుతో బెదిరిస్తారు. పేరున్న సైట్‌లో ఒకటి రెండు మంచి రివ్యూల కోసం చిన్న డేటా ఎంట్రీ పని చేయడంలో తప్పులేదు. అంతకు మించి అక్కడే ఉండిపోకండి.

కస్టమర్ సపోర్ట్‌లో మీ ఇంగ్లీషుకే డబ్బు. ఫోన్ వద్దనుకుంటే ఈమెయిల్, చాట్ సపోర్ట్ ఉన్నాయి. జెన్‌డెస్క్, ఫ్రెష్‌డెస్క్ లాంటి సపోర్ట్ సాఫ్ట్‌వేర్‌లలో వచ్చే ఫిర్యాదులను టికెట్లంటారు, తరచూ వాడే రెడీమేడ్ జవాబులను జెన్‌డెస్క్‌లో మాక్రోలంటారు. మాక్రో నొక్కడం ఎవరైనా చేస్తారు. పార్సిల్ ‘డెలివర్డ్’ అని ట్రాకింగ్ చెబుతోంది, కస్టమర్ మాత్రం రాలేదంటున్నాడు. అసలు పని అప్పుడుంటుంది. ఆర్డర్‌లో అడ్రస్ సరిచూసి, ఇంట్లోవాళ్లో పక్కింటివాళ్లో తీసుకున్నారేమో అడిగి, కొరియర్‌కు ఫిర్యాదు పెట్టి, మళ్లీ ఎప్పుడు జవాబిస్తారో తేదీతో సహా చెప్పాలి. రీఫండ్ మాట మాత్రం కంపెనీ పాలసీ చూడకుండా ఎత్తకూడదు. దరఖాస్తుతో పాటు ఇలాంటి రెండు జవాబులు నమూనాగా రాసి పంపితే రెజ్యూమె కంటే బాగా పనిచేస్తాయి.

ఇబ్బందల్లా షిఫ్ట్. క్లయింట్ దేశంలో పగలైతే మీకు అర్ధరాత్రి కావచ్చు. నవంబరు చివర్లో వచ్చే బ్లాక్ ఫ్రైడే సేల్ నుంచి క్రిస్మస్ దాకా సెలవు అడగడం కష్టం. మొదటి జవాబుకు ఎంతసేపు పట్టింది, కస్టమర్ ఎన్ని మార్కులిచ్చాడు అన్నవి లెక్కలోకి వస్తాయి కాబట్టి టెన్షన్ ఉంటుంది. కానీ వారానికి ఇన్ని గంటలని ముందే తెలుస్తుంది, అదే దీని బలం.

క్లయింట్ ఈమెయిళ్లు, మీటింగులు దూరం నుంచే చూసుకునే వర్చువల్ అసిస్టెంట్ పనిలో గంట రేటు సాధారణంగా ఇంకా పెరుగుతుంది, కానీ కొత్తవాళ్ల చేతికి తన ఇన్‌బాక్స్ ఇవ్వడానికి క్లయింట్ జంకుతాడు. సపోర్ట్‌లో కొన్ని నెలలు చేసినవాళ్లకు ఆ నమ్మకం త్వరగా దొరుకుతుంది. ఈ పనిలో చిన్న పొరపాటు పెద్దగా కనిపిస్తుంది. ఉదాహరణకు ఎండాకాలం కోసం అమెరికాలో మార్చి నెల రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారు, బ్రిటన్‌లో మార్చి నెల చివరి ఆదివారం. మధ్యలో ఆ రెండు మూడు వారాలు న్యూయార్క్, లండన్ మధ్య తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. తేడాను నోటి లెక్కన వేసి మీటింగ్ పెట్టిన అసిస్టెంట్ వల్ల ఎవరో ఒకరు గంటసేపు ఖాళీగా కూర్చుంటారు. క్యాలెండర్‌లో నగరం పేరుతో టైమ్ జోన్ ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు.

వర్చువల్ అసిస్టెంట్ పనిలో ఇంకో చిక్కు, పని పెరిగిపోతూ ఉండటం. ఈమెయిళ్లు చూడటమని మొదలై ఇన్‌వాయిస్‌లు, టికెట్ బుకింగ్, సోషల్ మీడియా దాకా వస్తుంది. అందుకే నెల మొత్తానికి ఇంత అని కాకుండా, నెలకు 40 గంటలు, దాటితే గంటకు ఇంత అని మొదటి మెసేజ్‌లలోనే రాయించుకోండి. పాస్‌వర్డ్‌లు చాట్‌లో తీసుకోవద్దు, పాస్‌వర్డ్ మేనేజర్ ద్వారా షేర్ చేయమని మీరే అడగండి. ఒకే క్లయింట్ మీద బతుకుతుంటే, ఆయన మానేసిన నెల ఆదాయం సున్నా. రెండో క్లయింట్ దొరికేదాకా సపోర్ట్ పనిని వారానికి కొన్ని గంటలైనా వదలకుండా ఉంచుకోవడమే నయం.