స్తంభమే ఎందుకు? తిరువల్లిక్కేణి, సింగపెరుమాళ్ కోయిల్ యాత్ర

హిరణ్యకశిపుడు బ్రహ్మ దగ్గర కోరుకున్న వరం ఎంతో తెలివిగా కట్టుకున్న కంచె. బ్రహ్మ సృష్టించిన ఏ ప్రాణి వల్లా, మనిషి వల్ల గాని మృగం వల్ల గాని, ఇంటి లోపల గాని బయట గాని, పగలు గాని రాత్రి గాని, నేల మీద గాని ఆకాశంలో గాని, ఏ ఆయుధంతోనూ తనకు చావు రాకూడదని అడిగాడు. నరసింహావతారంలో మనకు తెలిసిన వివరాలన్నీ ఈ షరతుల్లో ఏదో ఒకదానికి జవాబుగా వచ్చినవే. సగం సింహం సగం మనిషి అయిన రూపం, సంధ్యవేళ, గడప, తొడ, గోళ్ళు, వీటిలో ప్రతిదానికీ లెక్క సరిపోతుంది. సరిపోనిది స్తంభం ఒక్కటే. వరంలో స్తంభం ఊసే లేదు కనుక స్వామి సభా ద్వారంలోంచి నడిచివచ్చినా వధ జరిగేది. నెల్లూరు నుంచి వేసవి సెలవులకు చెన్నైలో మా ఇంటికి వచ్చిన మేనల్లుడు, "మామయ్యా, మరి స్తంభంలోంచే ఎందుకు రావాలి?" అని అడిగినప్పుడు, దీనికి జవాబు ఇంట్లో చెప్పడం కంటే రెండు గుళ్ళు చూపించి చెప్పడం మేలనిపించింది.

మొదట తిరువల్లిక్కేణి పార్థసారథి కోవెలకు వెళ్ళాము. మీసాలతో తూర్పు ముఖంగా ఉన్న పార్థసారథిని దర్శించుకుని చాలామంది వెనుదిరుగుతారు గాని, వెనుక వైపు పడమటి ముఖంగా యోగనరసింహుడి సన్నిధి ఉంది. దానికి వేరే గోపురం, వేరే ధ్వజస్తంభం కూడా ఉన్నాయి. తెళ్ళియ సింగర్ అని పిలిచే ఈ స్వామి యోగముద్రలో కూర్చుని ఉంటాడు. సన్నిధి తలుపుల గంటలకు నాలుకలు ఉండవు, అందువల్ల తలుపులు తెరిచినా మూసినా చప్పుడు రాదు. శనివారం, ఏకాదశి రోజుల్లో వరుస చాలా పొడుగ్గా ఉంటుంది. మామూలు రోజు పొద్దున్నే వెళితే నింపాదిగా నిలబడి చూడవచ్చు.

తమిళ వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్లలో ఒకడైన తిరుమంగై ఆళ్వార్ ఈ దివ్యదేశం మీద పాడిన పాశురాల్లో, అంటే తమిళ పద్యాల్లో, ఒకటి నేరుగా మా వాడి ప్రశ్న దగ్గరికే వస్తుంది. బడిలో చదువుకుని ఇంటికి వచ్చిన కొడుకు నోట వేయి నామాలు వినిపించగా తండ్రి ఓర్చుకోలేక పిల్లవాడి మీద మండిపడి స్తంభాన్ని కొట్టాడని, అప్పుడు వెలువడిన సింహమైన దేవుణ్ణి ఈ తిరువల్లిక్కేణిలో చూశానని ఆళ్వార్ అంటాడు. బడి నుంచి వచ్చిన పిల్లవాడు అనగానే మా వాడికి కథ తన వయసువాడిదిగా తోచింది.

అయితే స్తంభం సంగతి మరింత లోతుగా తెలిసేది పెరియాళ్వార్ మాటలో. ఆయన దాన్ని "అళందిట్ట తూణ్" అన్నాడు, అంటే కొలిచి నిలబెట్టిన స్తంభం. కొలిపించి తన సభలో కట్టించుకున్నవాడు హిరణ్యకశిపుడే. మరొకరు తెచ్చి నిలిపిన స్తంభమైతే, లోపల సింహాన్ని ముందే దాచి ఉంచారని అతను అనగలిగేవాడు. ఇక్కడ స్తంభం అతనిది, ఎంచుకున్నది అతను, కొట్టినదీ అతనే. భాగవతం ప్రకారం సింహాసనం మీద నుంచి కత్తి పట్టుకుని దూకి, తన పిడికిలితోనే పొడిచాడు. ప్రతివాది ఇంట్లో, ప్రతివాది చేతితోనే బయటపడ్డ సాక్ష్యం అది.

నమ్మాళ్వార్ దీనికి చోటును, క్షణాన్ని కూడా చేర్చాడు. అన్నిచోట్లా ఉన్నాడన్న కొడుకును కసురుకుని, ఇక్కడ లేడు కదా అని తండ్రి స్తంభాన్ని కొడితే, "అంగు అప్పొళుదే", అంటే అక్కడే, అప్పుడే, స్వామి కనిపించాడు. పక్క స్తంభంలోంచి వచ్చి ఉంటే, నేను కొట్టినచోట లేడు కాబట్టి అన్నిచోట్లా ఉన్నాడన్న మాట అబద్ధమేనని తండ్రి వాదించేవాడు. కాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే, నేను కొట్టినప్పుడు లేడు, తరవాత వచ్చి దూరాడని అనేవాడు. భాగవతం సప్తమ స్కంధంలోని శ్లోకం కూడా స్వామి రాకకు ఇవే కారణాలు చెబుతుంది: తన భృత్యుడి మాటను నిజం చేయడం, సమస్త భూతాల్లోనూ తాను వ్యాపించి ఉన్నానని చూపించడం. వరమిచ్చిన బ్రహ్మ కూడా స్వామికి భృత్యుడే కనుక ఆ మాట బ్రహ్మకూ వర్తిస్తుంది. రూపం బ్రహ్మ మాటను నిలబెట్టింది, స్తంభం పిల్లవాడి మాటను నిలబెట్టింది. "ఇందు గలడందు లేడని సందేహము వలదు" అన్న పోతన పద్యం మా వాడికి అప్పటికే నోటికి వచ్చు. ఆ పద్యం తండ్రికి ఎంత ప్రమాదకరమైన సవాలుగా వినిపించి ఉంటుందో ఇక్కడే వాడికి తెలిసింది.

బస గురించి ఒక మాట. తిరువల్లిక్కేణిలో మాన్షన్లు అని పిలిచే లాడ్జీలు ఎక్కువగా ఒంటరి ఉద్యోగుల కోసం కట్టినవి, పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చినవారికి ఇరుకు. గుడికి నడిచి వెళ్ళవచ్చునని మా అక్కావాళ్ళు ఒక రాత్రి అక్కడ గది తీసుకుంటే, ఫోనులో చూపిన గదికీ ఇచ్చిన గదికీ పోలిక లేకపోయింది, లిఫ్టు కూడా పనిచేయలేదు. కుటుంబంతో వచ్చేవారు టి.నగర్‌లోనో ఎగ్మూరులోనో దిగడం మంచిది. తిండికి మాత్రం తిరువల్లిక్కేణిలో లోటు లేదు. రత్నా కేఫ్‌లో ఇడ్లీ మునిగేటట్టు పోసే సాంబారు కోసమైనా ఒక పూట అక్కడ గడపవచ్చు.

రెండో గుడి ఉన్న సింగపెరుమాళ్ కోయిల్‌కు చెంగల్పట్టు లోకల్ రైలు ఉంది. తాంబరం దాటి చెంగల్పట్టు దాకా వెళ్ళే బండ్లు తక్కువ కనుక వేళలు చూసుకుని ఎక్కాలి. గుడి మధ్యాహ్నం మూసేస్తారు, మళ్ళీ తెరిచేది సాయంత్రమే కాబట్టి పొద్దున్నే బయలుదేరడం తప్పనిసరి. తిరువల్లిక్కేణితో పోలిస్తే ఇక్కడ రద్దీ తక్కువ, అర్చకులకు తీరిక ఎక్కువ. ఒక అర్చకస్వామి స్వామి నుదుటి మీది తిరునామాన్ని పైకెత్తి, హారతి వెలుగులో మూడో కన్ను చూపించారు. శ్రీమహాలక్ష్మి కూడా దగ్గరికి వెళ్ళలేకపోయిన కోపం అది. బ్రహ్మ పంపగా ప్రహ్లాదుడు ఒక్కడే నిర్భయంగా దగ్గరికి వెళ్ళాడని భాగవతం చెబుతుంది. ఆ కంటికి కిందనే కుడిచేయి అభయం చూపుతూ ఉంటుంది.

పాటలాద్రి నరసింహుడని పిలిచే ఈ స్వామి కొండరాతిలోనే మలిచిన మూర్తి. విగ్రహానికీ కొండకూ మధ్య ఎడం లేదు కనుక ప్రదక్షిణ చేయాలంటే కొండనే చుట్టిరావాలి. చుట్టివస్తున్నప్పుడు మా వాడు వెనుక వైపు రాతిని తట్టి, "ఇక్కడ కూడా ఉన్నట్టేనా?" అన్నాడు. స్తంభం కథ చెప్పడానికి నాకు తెలిసినంతలో చెన్నై చుట్టుపక్కల ఇంతకంటే మంచి చోటు లేదు.

స్వామి వెలువడిన స్తంభమని చెప్పే ఉగ్రస్తంభాన్నే చూడాలంటే అహోబిలమే వెళ్ళాలి. ఆ కొండదారి కష్టమైనది, మోకాళ్ళ నొప్పులున్నవారు ఎగువ అహోబిలం దగ్గరే ఆగిపోవడం మంచిది. షోళింగర్ యోగనరసింహుడి కొండకు 1305 మెట్లున్నా, 2024 నుంచి రోప్‌వే నడుస్తున్నందువల్ల పెద్దవాళ్ళను తీసుకువెళ్ళడం సులువైంది. సమయం ఒక్క పూటే ఉంటే నేనైతే సింగపెరుమాళ్ కోయిల్‌నే ఎంచుకుంటాను. రెండు పూటలుంటే ముందు తిరువల్లిక్కేణి చూసి, ఆ పాశురం విని, ఆ తరవాత కొండ దగ్గరికి వెళ్ళాలి.