ప్రయాణ టికెట్ల రద్దు షరతులకు ఒక పేజీ చీటీ: ఆరేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

మా కుటుంబంలో రైలు, విమానం, హోటల్ ఏది బుక్ చేసినా, దాని రద్దు షరతులను ఒక పేజీకి కుదించి రాసి ఉంచుకోవడం ఆరేళ్ల క్రితం మొదలుపెట్టాను. దీనికి ప్రత్యేకమైన యాప్ ఏదీ లేదు. ఫోన్‌లో ఒక నోటు, దాన్నే ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, అంతే. ఈ పద్ధతి ఎంతవరకు ఉపయోగపడింది, ఎక్కడ దెబ్బతిన్నాను అన్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదట్లో నేను షరతులను ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తి రాసేవాడిని. "బయలుదేరడానికి 48 గంటల నుంచి 12 గంటల మధ్య రద్దు చేస్తే ఛార్జీలో 25 శాతం కోత" అన్న వాక్యం తప్పేమీ కాదు, కానీ ఆసుపత్రి వరండాలో నిలబడి ప్రయాణం మానుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషికి అది పనికిరాదు. ఆ సమయంలో గంటలు వెనక్కి లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే రెండో ఏటి నుంచి గంటలకు బదులు వారం, తేదీ, గడియారపు వేళ రాయడం, శాతాలకు బదులు మొత్తం కుటుంబానికి పోయే రూపాయలు రాయడం అలవాటు చేసుకున్నాను. ఈ ఒక్క మార్పు తర్వాతే ఇంట్లో మిగతావారు కూడా ఆ చీటీని చదవడం మొదలుపెట్టారు.

2024 సంక్రాంతికి రాసిన చీటీనే ఉదాహరణగా తీసుకుంటాను. సికింద్రాబాదు నుంచి విశాఖపట్నానికి జనవరి 13, శనివారం రాత్రి 8:30కి బయలుదేరే రైలులో, థర్డ్ ఏసీలో నలుగురికి ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ తీసుకున్నాం. మనిషికి ఛార్జీ సుమారు 1,100 రూపాయలు. అప్పటి నిబంధనల ప్రకారం, కన్ఫర్మ్ అయిన థర్డ్ ఏసీ టికెట్‌ను 48 గంటల కంటే ముందే రద్దు చేస్తే మనిషికి 180 రూపాయలు, దానిపై 5 శాతం జీఎస్టీ పోతాయి. కాబట్టి చీటీలో మొదటి వాక్యం "గురువారం రాత్రి 8:30 లోపు అయితే నలుగురికీ కలిపి 756 పోతుంది" అని రాశాను. ఆ తర్వాత శనివారం ఉదయం 8:30 వరకు పావు వంతు, అంటే జీఎస్టీతో సుమారు 1,155. అక్కడి నుంచి సాయంత్రం 4:30 వరకు సగం, అంటే సుమారు 2,310. ఆపైన ఏమీ రాదు. బుకింగ్ సమయంలో వసూలు చేసిన కన్వీనియన్స్ ఫీజు ఏ దశలోనూ తిరిగి రాదు గనుక దాన్ని విడిగా ఒక వాక్యంలో పెట్టాను.

ఇలా రూపాయల్లోకి మార్చి రాయడంలో ఒక లాభం నాకు ముందు తట్టలేదు. అప్పటి నిబంధనల్లో పావు వంతు కోతకు కనీస మొత్తం అనే పరిమితి ఉండేది. స్లీపర్‌లో అది 120 రూపాయలు. 350 రూపాయల స్లీపర్ టికెట్‌లో పావు వంతు 90 రూపాయలకు కూడా చేరదు కాబట్టి, 48 గంటల ముందు రద్దు చేసినా, ఆ తర్వాత 12 గంటల వరకు ఎప్పుడు రద్దు చేసినా పోయేది అదే 120. అంటే, 480 రూపాయల లోపు స్లీపర్ టికెట్‌కు మొదటి గడువు కోసం కంగారుపడి రద్దు చేయవలసిన పనే ఉండేది కాదు. శాతాల పట్టికను మాత్రమే చూసినన్నాళ్లూ ఈ సంగతి నా కంటపడలేదు.

ఇక తప్పు జరిగిన చోటికి వస్తాను. పైన చెప్పిన సంక్రాంతి టికెట్‌లో ముగ్గురికి బెర్తులు ఖాయమయ్యాయి, మా బావగారి పేరు మాత్రం చివరి వరకు వెయిటింగ్ లిస్టులోనే ఉంది. శనివారం మధ్యాహ్నం మా అత్తయ్యకు జ్వరం ఎక్కువై ప్రయాణం మానుకున్నాం. చీటీ చూసిన బావగారు "సగం పోయినట్టే కదా" అన్నారు, నేనూ అదే అనుకుని నలుగురి పేర్లూ రద్దు చేశాను. తీరా చూస్తే మనిషికి క్లర్కేజీ అనే 60 రూపాయల రుసుము, దానిపై జీఎస్టీ, మొత్తం 252 రూపాయలే తగ్గాయి. నిబంధన మళ్లీ తీసి చదివితే విషయం అర్థమైంది: ఒకే కుటుంబ టికెట్‌పై కొందరికి బెర్తు ఖాయమై, మరికొందరు ఆర్‌ఏసీలోనో వెయిటింగ్ లిస్టులోనో ఉన్నప్పుడు, రైలు బయలుదేరవలసిన వేళకు అరగంట ముందు వరకు అందరి ప్రయాణాన్నీ రద్దు చేస్తే, లేదా డబ్బు వాపసు కోరే టీడీఆర్ అర్జీ దాఖలు చేస్తే, ఖాయమైనవారికి కూడా క్లర్కేజీ మాత్రమే తగ్గించాలి. నా చీటీ 2,310 అని రాసి, నిజం కంటే ఎక్కువ భయపెట్టింది. అదృష్టం బాగుండి మేము డబ్బు పోతుందని తెలిసీ మానుకున్నాం. ఆ అంకె చూసి జ్వరంతోనే ఆమెను రైలెక్కించి ఉంటే ఆ పాపం చీటీదే అయ్యేది.

అప్పటి నుంచి టికెట్ స్థితిని చీటీలో మొదట రాస్తున్నాను, ఎందుకంటే గడువులన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. అందరూ వెయిటింగ్ లిస్టులోనే ఉన్న ఇ-టికెట్ చార్టు తయారయ్యాక దానంతట అదే రద్దై డబ్బు వస్తుంది. కొందరికే ఖాయమైన టికెట్ అలా రద్దు కాదు, మనమే పూనుకోవాలి. ఖాయమైన తత్కాల్ టికెట్‌ను మనంతట మనం రద్దు చేసుకుంటే ఏమీ రాదు గనుక దాని చీటీ ఒక్క వాక్యంతో ముగుస్తుంది.

హోటళ్ల విషయంలో తేదీ ఒక్కటే రాయడం నన్ను ఒకసారి ముంచింది. "12వ తేదీ వరకు ఉచిత రద్దు" అంటే ఆ రోజు మొదలయ్యేలోపా, ముగిసేలోపా అన్నది బుకింగ్ పత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైగా విదేశీ హోటల్ అయితే ఆ వేళ సాధారణంగా అక్కడి గడియారం ప్రకారమే. సింగపూరు మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, అక్కడి సాయంత్రం ఆరు అంటే మనకు మధ్యాహ్నం మూడున్నర. నేను ఇంటికొచ్చి తీరిగ్గా రద్దు చేద్దామనుకుని ఒక రాత్రి అద్దె పోగొట్టుకున్నాను. ఇప్పుడు భారత కాలమానంలోకి మార్చిన వేళనే రాస్తాను.

విమాన టికెట్‌పై "నాన్ రిఫండబుల్" అని ఉంటే ఇదివరకు "ఏమీ రాదు" అని రాసి వదిలేసేవాడిని. అది కూడా తప్పే. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం, మూల ఛార్జీ తిరిగి రాని టికెట్‌పై కూడా విమానాశ్రయ రుసుముల వంటి చట్టబద్ధమైన పన్నులను తిరిగి ఇవ్వాలి. రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని మించకూడదు. అందుకని ఛార్జీ విభజన ఉన్న పేజీని చీటీతో పాటు దాచుతున్నాను. ఒక ఏజెన్సీ తన సొంత రుసుమును దీనికి విడిగా కోసుకున్నప్పుడు, ఎవరు ఎంత పట్టుకున్నారో ఆ పేజీతోనే తేల్చుకోగలిగాను.

ఈ పద్ధతికి మిగిలిన పెద్ద లోపం ఏమిటంటే, రాసిన చీటీ పాతబడుతుంది. 2025 జులైలో రైల్వే శాఖ చార్టు వేళను నాలుగు గంటల నుంచి ఎనిమిది గంటల ముందుకు జరిపింది. చార్టు అయ్యాక ఆన్‌లైన్‌లో రద్దు కుదరదు గనుక, పాత చీటీని నకలు చేసి వాడితే చివరి గడువు తప్పిపోతుంది. నేను పైన ఇచ్చిన రైలు అంకెలు కూడా 2024 జనవరి నాటివే. ఇప్పుడు ప్రతి చీటీ తలపైన నిబంధన చూసిన తేదీ వేసి, బుక్ చేసిన రోజున ఒకసారి, ప్రయాణానికి నాలుగు రోజుల ముందు మరొకసారి సరిచూస్తున్నాను. ఒక్కో చీటీకి పావుగంట పడుతోంది. ఒక్కరే పగటి బస్సులో వెళ్లి వచ్చే ప్రయాణాలకు మాత్రం రాయడం మానేశాను.