నియమాలు అర్థమయ్యాయని ఒక్కసారి చెబితే చాలు: చాట్ అసిస్టెంట్‌తో ప్రూఫ్ రీడింగ్

తెలుగు వ్యాసాల ప్రూఫ్ రీడింగ్‌కు ఒక ఏఐ చాట్ అసిస్టెంట్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. అక్షరదోషాలు పట్టడంలో పెద్దగా వంక పెట్టడానికి లేదు. ‘సాంప్రదాయం’ కనబడితే ‘సంప్రదాయం’ అని, ‘చేసారు’ ఉంటే ‘చేశారు’ అని దిద్దేస్తుంది. విసుగు తెప్పించేది వేరే ఉంది. మొదట్లో ఒప్పుకున్న నియమాలను ప్రతి జవాబులోనూ మళ్లీ అప్పజెబుతుంది.

నేను పని మొదలుపెట్టేటప్పుడు మూడు మాటలు చెబుతాను. అక్షరదోషాలు మాత్రమే దిద్దాలి, రచయిత వాడిన మాట మార్చకూడదు, కొటేషన్లలో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. దీనికి మొదటి జవాబులో అది ఏం అర్థం చేసుకుందో చెప్పడం నాకు కావాలి కూడా. ఒకసారి ‘అక్షరదోషాలు దిద్ది, వాక్యాలను సరళం చేస్తాను’ అని రాసింది. సరళం చేయమని నేను అననే లేదు. ఇంకా ఒక్క పేరా కూడా ఇవ్వకముందే తేడా తెలిసింది కాబట్టి, అక్కడికక్కడే సరిచేసి ముందుకు వెళ్లాను. మొదటి జవాబులో ఆ ఒప్పుకోలు ఉండాల్సింది ఇందుకే.

రెండో పేరా నుంచి దానికి ఆ పని లేదు. అయినా ప్రతి పేరా పైన రెండు లైన్లు: నా నియమాల ప్రకారం, రచయిత మాటలు మార్చకుండా దిద్దిన పాఠం ఇదిగో అని. కాపీ చేసి ఫైల్లో పెట్టేటప్పుడు వాటిని తీసేయాలి. చూడకపోతే వ్యాసం మధ్యలో ఉండిపోతాయి. ఇది చిరాకే కానీ, చిన్న చిరాకు.

పెద్ద ఇబ్బంది ఆ మాటను నమ్మడంతో వస్తుంది. మాటలు మార్చలేదని పైన రాసి, కింద పేరాలో ‘ఇంటికొచ్చి’ని ‘ఇంటికి వచ్చి’గా మార్చేసింది. అది అక్షరదోషం కాదు, ఆ రచయిత వాడుక. పైన హామీ ఉంటే కన్ను కాస్త తేలిగ్గా జారిపోతుంది. అసలు సంగతేమిటంటే, ఆ రెండు లైన్లు సరిచూసి రాసినవి కావు. పేరా దిద్దకముందే వచ్చేస్తాయి. జవాబు పైనుంచి కిందికి ఒక్కొక్క ముక్కగా తయారవుతుంది కదా, కింద ఏం జరగబోతోందో పై వాక్యానికి ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి గమనించాను. ఒప్పుకోలు తిరగరాసిన కొద్దీ మాట జారుతుంది. నేను ‘మాట మార్చకూడదు’ అన్నాను. కొన్ని జవాబుల తర్వాత అదే ‘శైలిని కాపాడుతూ’ అయింది, ఆపైన ‘అవసరమైన చోట మాత్రమే మారుస్తూ’ అయింది. ఇలాంటి అసిస్టెంట్లు ప్రతిసారీ అప్పటిదాకా జరిగిన సంభాషణంతా చదివి జవాబిస్తాయి. వాటి సొంత జవాబులు కూడా అందులోనే ఉంటాయి. నా అసలు నియమం ఒక్కసారే, అదీ ఎక్కడో పైన ఉంది. దాని సొంత తర్జుమాలు బోలెడు, అవీ కిందనే దగ్గర్లో ఉన్నాయి. ఏది పైచేయి అవుతుందో చెప్పనక్కర్లేదు. నియమాలు గుర్తుండాలంటే తిరిగి చెబుతూ ఉండాలి అనేవాళ్లున్నారు. నా అనుభవంలో గుర్తు చేయాల్సింది నేను, అదీ మొదటి మాటల్లోనే.

వదిలించుకోవడానికి, నియమాల చివర ఇది కలిపాను: ‘ఏం అర్థమైందో మొదటి జవాబులో ఒక్క వాక్యంలో చెప్పు. తర్వాత నుంచి దిద్దిన పేరా తప్ప ఇంకేమీ రాయొద్దు.’ ‘ఉపోద్ఘాతం వద్దు’ అని మాత్రమే అన్నప్పుడు మొదటి ఒప్పుకోలు కూడా పోయింది, అది నష్టం. నడుమ ఎక్కడైనా పాత అలవాటు తిరిగొస్తే ‘మళ్లీ రాశావు’ అని కోప్పడటం దండగ. క్షమాపణతో పాటు నియమాలన్నీ ఇంకోసారి వస్తాయి, అవి కూడా సంభాషణలో చేరిపోతాయి. ఆ జవాబు పుట్టిన నా సందేశాన్ని ఎడిట్ చేసి మళ్లీ పంపితే, చెడ్డ జవాబు దారిలోంచి తప్పుకుంటుంది. ఆ తర్వాతి పేరాలు శుభ్రంగా వస్తాయి.

మధ్యలో నేనే నియమం మార్చితే మాత్రం సంగతి వేరు. అంకెలు అక్షరాల్లో రాయమని కొత్తగా చెప్పినప్పుడు, ఆ ఒక్క మార్పు అర్థమైందని ఒకసారి అనాలి. పాతవన్నీ మళ్లీ ఏకరువు పెట్టక్కర్లేదు. ఈ తేడాను నేను వాడే అసిస్టెంట్ కొన్నిసార్లు పట్టుకోదు. ఒక్కోసారి మార్పు చెబితే జాబితా మొత్తం తిరగరాస్తుంది. అలాంటప్పుడు ఆ సంభాషణను అక్కడ ఆపి, మారిన నియమాలతో కొత్తది తెరుస్తున్నాను. పని కుదుటపడుతుంది గానీ, ‘ఇంటికొచ్చి’ లాంటివి ఇంకా చేత్తోనే వెతుక్కోవాలి. ఆ విషయంలో మాత్రం ఈ సాధనానికి మార్కులు తగ్గించక తప్పడం లేదు.