కంటికురుపా, కలేజియనా? లెన్స్ పెట్టుకునేవాళ్లకు తేడా ఎక్కడ

పొద్దున లేచేసరికి రెప్ప అంచున, వెంట్రుక మొదట్లో ఎర్రగా వాచి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అది చాలావరకు కంటికురుపే. అక్కడ బాక్టీరియా చేరింది. అంచుకి కాస్త పైన, బఠాణీ గింజలా గట్టిగా, పెద్దగా నొప్పి లేకుండా మెల్లగా పెరిగితే కలేజియన్. అది ఇన్ఫెక్షన్ కాదు, రెప్పలోని నూనె గ్రంథి మూసుకుపోయింది. మొదటి రెండు మూడు రోజులు రెండూ ఒకేలా కనిపించొచ్చు. కురుపు వారం, రెండు వారాల్లో తగ్గుతుంది, కలేజియన్ నెలలు కూడా పట్టొచ్చు.

కాపడం మాత్రం రెండిటికీ ఒకటే: శుభ్రమైన గుడ్డని గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, మూసిన కన్నుమీద 10 నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. గుడ్డ నిమిషంలోనే చల్లారుతుంది, మళ్లీ మళ్లీ ముంచాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. కలేజియన్‌కైతే తర్వాత వెంట్రుకల వైపు మెల్లగా నిమరండి. కురుపుని మాత్రం పిండకండి, గిల్లకండి.

లెన్స్ ఆపాల్సిన అవసరం కురుపులోనే ఎక్కువ, ఎందుకంటే రెప్పమీది బాక్టీరియా వేళ్లతో లెన్స్‌కి అంటుకుని నేరుగా కంటి ముందుండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా మీద కూర్చుంటుంది, అక్కడ పుండు పడితే చూపుకే ముప్పు. కలేజియన్‌లో గడ్డ నొక్కి చూపు మసకబారొచ్చు, లెన్స్ కూడా ఒరుసుకుంటుంది. పూర్తిగా తగ్గేవరకు కళ్లజోడే. కురుపు వచ్చినప్పుడు వాడిన లెన్స్, డబ్బా పారేయండి (డబ్బులు పోతాయని చూడకండి).

లెన్స్ తీశాక కూడా కనుగుడ్డులో నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, మసక ఉంటే అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి. రెప్పంతా వాచి జ్వరం వచ్చినా అంతే. కలేజియన్ నెల దాటినా తగ్గకపోతే ఇంజెక్షనో, చిన్న కోతో అవసరం కావొచ్చు.