హెడ్‌సెట్‌లో సౌండ్ మూసుకుపోయినట్టు ఉందా? నా రెండేళ్ల స్పేషియల్ ఆడియో అనుభవం

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని స్పేషియల్ ఆడియో, అంటే శబ్దం చుట్టూ అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టు వినిపించే పద్ధతి, వాడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఇందులో ఎక్కువ కాలం డాల్బీ అట్మాస్ ఫర్ హెడ్‌ఫోన్స్ మీదే గడిచింది, మధ్యలో విండోస్ సోనిక్, కొన్ని వారాలు డీటీఎస్ హెడ్‌ఫోన్ ఎక్స్ కూడా చూశాను. అన్నీ బాగున్నప్పుడు దీనంత సుఖం ఇంకోటి లేదు, వెనక నుంచి ఎవడైనా వస్తుంటే మెడ తిప్పి చూడాలనిపించేంత నిజంగా ఉంటుంది. కానీ ఆ మధ్య నెలన్నర పాటు నా హెడ్‌సెట్‌లో సౌండ్ అంతా కుండలో తలపెట్టి వింటున్నట్టు తయారైంది, దాని కారణం ఆఖరికి లైసెన్స్ దగ్గర తేలింది. ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ సంగతే, ఎందుకంటే ఇదే సమస్యతో హెడ్‌సెట్ పాడైపోయిందనుకుని మార్చేసినవాళ్లని నేనే ఇద్దర్ని చూశాను.

ముందు మెనూ ఎక్కడుందో చెప్పేస్తా. `Settings > General > Volume & audio output` లోకి వెళ్తే హెడ్‌సెట్ ఫార్మాట్ అని ఒక చోట ఉంటుంది. అందులో `Stereo uncompressed`, `Windows Sonic for Headphones`, `Dolby Atmos for Headphones`, `DTS Headphone:X` అని నాలుగు కనిపిస్తాయి. మొదటి రెండూ కన్సోల్‌తో పాటే ఫ్రీగా వస్తాయి. చివరి రెండిటికీ లైసెన్స్ కావాలి, డాల్బీకి డాల్బీ యాక్సెస్ అనే యాప్, డీటీఎస్‌కి డీటీఎస్ సౌండ్ అన్‌బౌండ్ అనే యాప్ వేసుకుని కొనాలి. నెలనెలా కట్టేది కాదు, ఒక్కసారి కొంటే చాలు.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌటు ఏంటంటే, అదే కన్సోల్ నుంచి అట్మాస్ ఉన్న సౌండ్‌బార్‌కి పంపితే డబ్బులు అడగదు, హెడ్‌ఫోన్స్‌కి మాత్రం ఎందుకు అడుగుతుంది అని. నాకూ మొదట్లో ఇది అన్యాయంగానే అనిపించింది, కానీ పని ఎక్కడ జరుగుతుందో చూస్తే అర్థమవుతుంది. సౌండ్‌బార్ విషయంలో కన్సోల్ సిగ్నల్ పంపిస్తుంది అంతే, దాన్ని విప్పి ఏ స్పీకర్‌లో ఏది రావాలో తేల్చేది ఆ సౌండ్‌బారే, దాని లైసెన్స్ ఆ బాక్స్ తయారు చేసినవాళ్లు ముందే కట్టేసి ఉంటారు. హెడ్‌ఫోన్స్‌కి వచ్చేసరికి మీ చెవులకి పెట్టుకున్నది రెండే రెండు స్పీకర్లు, వాటికేమీ తెలీదు, పైనా కిందా వెనకా అని లెక్కకట్టి రెండు చానెళ్లలోకి దించే పనంతా కన్సోల్ లోపలే జరుగుతుంది. ఆ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్‌కి ఎవరో ఒకరు డబ్బులు కట్టాలి, అయితే మీరు, లేదంటే హెడ్‌సెట్ కంపెనీ. అందుకే కొన్ని హెడ్‌సెట్లు లైసెన్స్‌తోనే వస్తాయి, అలాంటివాటిలో కొన్నిటికి లైసెన్స్ ఆ హెడ్‌సెట్‌కే కట్టుబడి ఉంటుంది, దాన్ని పీకేసి వేరేది పెడితే పనిచేయదు. ప్లేస్టేషన్ 5లో ఈ గొడవే లేదు, టెంపెస్ట్ 3డీ ఆడియో అందులోనే ఉంది, విడిగా కొనేదేమీ ఉండదు.

ఇక నా కథ. నేను విడిగా అట్మాస్ కొనలేదు, మా అన్నయ్య తన అకౌంట్‌లో కొన్నాడు. మా ఇద్దరికీ అప్పట్లో కన్సోల్ ఒక్కటే, అది అన్నయ్య అకౌంట్‌కి హోమ్ ఎక్స్‌బాక్స్‌గా సెట్ అయి ఉంది. హోమ్ ఎక్స్‌బాక్స్ అంటే ఏంటంటే, ఆ అకౌంట్‌లో కొన్న డిజిటల్ సరుకంతా ఆ కన్సోల్‌లో ఎవరు సైన్ ఇన్ అయినా వాడుకోవచ్చు. కాబట్టి నా ప్రొఫైల్‌తో ఆడినా అట్మాస్ హాయిగా పనిచేసేది, ఇది ఎవరి లైసెన్స్ అన్న ఆలోచనే నాకు ఏడాదిన్నర పాటు రాలేదు.

ఒక రోజు గేమ్ పెడితే సౌండ్ అంతా నుదుటి మధ్యలో ఇరుక్కుపోయినట్టు ఫ్లాట్‌గా ఉంది. కన్సోల్ మెనూ చూడకుండా నేను చేసిన మొదటి పని, హెడ్‌సెట్‌ని కన్సోల్‌కి కలిపే బేస్ స్టేషన్ మీదున్న సరౌండ్ బటన్ నొక్కడం. కాస్త వెడల్పయింది, సరేలే అనుకుని అలాగే ఆడేశాను. తర్వాతెప్పుడో మెనూలోకి వెళ్లి చూస్తే ఫార్మాట్ స్టీరియో అని ఉంది, ఓహో ఇదా అనుకుని చేతికి అందిన విండోస్ సోనిక్ ఆన్ చేశాను, బేస్ మీద బటన్ నొక్కి ఉన్న సంగతి పూర్తిగా మర్చిపోయాను. అప్పటి నుంచి మొదలైంది అసలు నరకం. అడుగుల చప్పుడులో ఆ టక్ టక్ పోయింది, మెత్తగా దిండు మీద నడిచినట్టు వినిపించేది, మాటల్లో స, శ అక్షరాలు అరిగిపోయినట్టు ఉండేవి, ఇంకా కష్టమేంటంటే ముందేదో వెనకేదో తెలిసేది కాదు.

ఎందుకలా అవుతుందో చెప్పుకుందాం, ఎందుకంటే మూసుకుపోయినట్టు అనిపించడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. శబ్దం ఎటు నుంచి వస్తుందో మన మెదడు మూడు గుర్తులతో పట్టుకుంటుంది. ఒక చెవికి ముందు, ఇంకో చెవికి వెనక చేరే తేడా ఒకటి, ఇది పూర్తిగా పక్క నుంచి వచ్చినా సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువే. తల అడ్డొచ్చి ఒక వైపు తగ్గే గట్టిదనం రెండోది. మూడోది మన చెవి డొప్ప ముడతలు, ఇవి పైస్థాయి శబ్దాల్లో, అంటే సన్నగా పదునుగా వినిపించేవాటిలో, ముఖ్యంగా 5 కిలోహెర్ట్జ్ పైన, కొన్ని చోట్ల తగ్గించి కొన్ని చోట్ల పెంచుతాయి, ముందు వెనక పైన కింద అన్న తేడా చాలావరకు వీటివల్లే తెలుస్తుంది. స్పేషియల్ ఆడియో అంటే ఈ మూడూ సాఫ్ట్‌వేర్‌తో నకలు చేయడం. అంటే ఒక శబ్దం వెనక ఉందని చెప్పాలంటే దాని పైస్థాయిని కావాలనే కోయాలి, ఒరిజినల్ కంటే కొంచెం మొద్దుగా వినిపించడం దాని పనిలో భాగమే. పైగా ఆ నకలు ఏదో సగటు చెవి కొలతలతో చేసింది, మీ చెవి ఆకారం దానికి దూరంగా ఉంటే మెదడు దాన్ని దిక్కుగా తీసుకోదు, ఇదేదో తేడాగా ఉందే అని మాత్రమే అనుకుంటుంది. అందుకే ఒకే ఫార్మాట్ ఒకడికి అద్భుతం, ఇంకొకడికి దుప్పటి కప్పినట్టు.

ఇప్పుడు ఇదే పని రెండుసార్లు జరిగితే? కన్సోల్‌లో సోనిక్ ఒకసారి కోసి రెండు చానెళ్లు చేసింది, బేస్ స్టేషన్‌కి అది తెలీదు, మామూలు స్టీరియో వచ్చిందనుకుని తన లెక్కతో మళ్లీ కోసింది. పైస్థాయి రెండుసార్లు పోయింది. మొత్తానికి నెలన్నర నేను విన్నది అదే. ఇయర్ ప్యాడ్స్ కూడా మార్చాను పాపం, వాటి తప్పేమీ లేదు.

బయటపడింది ఎలాగంటే, గేమ్‌లో ఒక చోట మంట మండుతుంటుంది, చిటపట శబ్దం, ఇంకేమీ ఉండదు. అక్కడ నిలబడి కెమెరాని నెమ్మదిగా చుట్టూ తిప్పి చూశాను. మంట ఎటున్నా చిటపటలో ఆ పదును రాలేదు, ఎదురుగా ఉన్నప్పుడు కూడా వెనకున్నట్టే మొద్దుగా ఉంది. బేస్ మీద బటన్ ఆపేశాను. ఒక్కసారిగా ముందు వైపు పదును తిరిగొచ్చింది, వెనక్కి తిప్పితే మొద్దుగా మారింది, అలాగే ఉండాలి కూడా. మీకు డౌటుంటే ఈ టెస్ట్ చేయండి, ఎదురుగా ఉన్నప్పుడు స్టీరియోలో ఎంత పదునుగా ఉందో దాదాపు అంత ఉండాలి, చుట్టూ తిప్పినా మొద్దుదనం మారకపోతే రెండు చోట్ల ప్రాసెస్ అవుతున్నట్టే. పోల్చేటప్పుడు వాల్యూమ్ ఒకే స్థాయికి తెచ్చుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు, ఫార్మాట్ మారితే గట్టిదనం కూడా మారుతుంది, తక్కువ గట్టిగా ఉన్నదాంట్లో మన చెవికి కిందిస్థాయి, పైస్థాయి శబ్దాలు రెండూ తగ్గినట్టే అనిపిస్తాయి, అది ఫార్మాట్ తప్పు కాదు.

సోనిక్ ఒక్కటే ఉంచాక బానే ఉంది కానీ నాకు అలవాటైన అట్మాస్ కాదు. అట్మాస్ ఎంచుకుంటే డాల్బీ యాక్సెస్ తెరుచుకుని కొనమంది. ఏడాదిన్నర వాడినదాన్ని కొనమంటుందేంటని అన్నయ్యకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, నువ్వు హోమ్ ఎక్స్‌బాక్స్ ఏమైనా మార్చావా?"

"అవున్రా, కొత్త కన్సోల్ కొన్నాను కదా, దానికి మార్చుకున్నా. ఏం, గేమ్స్ రావట్లేదా?"

గేమ్స్ అన్నీ నేను నా అకౌంట్‌లోనే కొనుక్కున్నాను కాబట్టి వాటికేమీ కాలేదు, అందుకే ఇద్దరికీ అనుమానం రాలేదు. పోయింది ఆ ఒక్క ఆడియో లైసెన్సే. సరిచేయడానికి దారులు మూడున్నాయి. అన్నయ్య అకౌంట్ నా కన్సోల్‌లో ఆన్‌లైన్‌లో సైన్ ఇన్ అయి ఉండాలి, లేదా `Settings > General > Personalization > My home Xbox` లో మళ్లీ నా కన్సోల్‌ని పెట్టాలి, లేదా నేనే కొనుక్కోవాలి. హోమ్ మార్చడం ఏడాదికి కొన్నిసార్లే కుదురుతుంది, దాన్ని అటూ ఇటూ ఆడించడం అనవసరం. నేను కొనేసుకున్నాను.

ఇప్పుడు నా సెట్టింగ్ ఇది. కన్సోల్‌లో అట్మాస్, బేస్ మీద సరౌండ్ ఆఫ్, బేస్ మీద ఈక్వలైజర్ కూడా ఫ్లాట్, ఈక్వలైజర్ కావాలంటే డాల్బీ యాక్సెస్‌లోనే మారుస్తాను. గేమ్ లోపల ఆడియో మెనూలో కూడా ఒకసారి చూడాలి, కొన్ని గేమ్స్‌లో హెడ్‌ఫోన్స్‌కి విడిగా 3డీ ఆడియో ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే మూడో చోట కూడా కోత పడుతుంది. గేమ్ సొంత 3డీ బాగుందనిపిస్తే కన్సోల్‌ని స్టీరియోలో పెట్టేస్తాను, ఎవరో ఒకరే ఆ పని చేయాలి. గేర్స్ 5 లాంటి అట్మాస్ మిక్స్ ఉన్న గేమ్‌లో మాత్రం అట్మాస్‌కే ఓటు. పాటలు వినేటప్పుడు స్టీరియోకి మార్చేస్తాను, రెండు చానెళ్లకి చేసిన పాటని గదిలో పెట్టినట్టు వినడం నాకు అస్సలు నచ్చలేదు.

ఇప్పటికీ ఒక లోటుంది. నేరుగా వెనక ఉన్నది, నేరుగా ముందు ఉన్నది నాకు కొన్నిసార్లు తారుమారు అవుతాయి, కెమెరా కొద్దిగా పక్కకి తిప్పితే గానీ తేలదు. డీటీఎస్ యాప్‌లో హెడ్‌ఫోన్ రకం మార్చి చూశాను, కొంచెం మెరుగైంది గానీ పూర్తిగా పోలేదు. మా అన్నయ్యకి అదే అట్మాస్‌లో, అదే హెడ్‌సెట్‌తో ఈ ఇబ్బంది అస్సలు లేదు.